మెసేజ్ వెళ్ళింది, మనిషి లేవలేదు: రొయ్యల చెరువు గట్టు మీద అలారం కట్టడం

టాక్ ప్రపోజల్, 30 నిమిషాలు, తెలుగులో. హార్డ్‌వేర్ వాళ్ళకీ సాఫ్ట్‌వేర్ వాళ్ళకీ ఇద్దరికీ.

అబ్‌స్ట్రాక్ట్ (ప్రోగ్రామ్‌లో వేసుకోడానికి)

రొయ్యల చెరువులో ఆక్సిజన్ తెల్లారగట్లే అడుగంటుతుంది. పగలు ఎండకి ప్లాంక్టన్ తయారుచేసిన ఆక్సిజన్‌ని రాత్రంతా అదే ప్లాంక్టన్, రొయ్యలు, అడుగు బురద కలిసి తాగేస్తాయి, సరిగ్గా ఆ టైముకి కరెంటు పోయి నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు ఆగాయంటే పెట్టుబడి మొత్తం ఒక్క రాత్రిలో పోతుంది. సెన్సర్ పెట్టి ఫోన్‌కి నోటిఫికేషన్ పంపిద్దాం అనేది ఎవరికైనా తట్టే ఐడియానే. సెన్సర్ చదువుతుంది, సర్వర్ చూస్తుంది, మెసేజ్ కూడా వెళ్తుంది. రైతు మాత్రం లేవడు.

ఈ టాక్ అంతా ఆ చివరి మెట్టు గురించే. భీమవరం, ఆకివీడు వైపు చెరువుల మీద నడుస్తున్న ఒక చిన్న సిస్టమ్‌ని విప్పి చూపిస్తాను: నీళ్ళలో ఆక్సిజన్ పడిపోయేదాకా ఆగకుండా ముందు ఏరేటర్ వైరులో కరెంటు పారుతుందా లేదా అనే ఎందుకు చూస్తున్నాం, నోటిఫికేషన్ మానేసి ఫోన్ కాల్‌కి ఎందుకు వచ్చాం, అది కూడా రెండుసార్లు ఎందుకు చేస్తాం, నీళ్ళలో ఆక్సిజన్ కొలిచే ప్రోబ్‌కి పాచి పడితే వచ్చే దొంగ అలారాలు మనిషి నమ్మకాన్ని ఎలా తినేస్తాయి, అన్నిటికన్నా ముఖ్యంగా గట్టు మీద ఇవన్నీ చూసే డబ్బా చచ్చిపోయి ఏ కబురూ రాకపోతే దాన్ని "అంతా బాగుంది" అనుకోకుండా ఎలా పట్టుకోవాలి.

చెరువులతో సంబంధం లేనివాళ్ళకి కూడా ఇది పనికొస్తుంది. ఆన్‌కాల్ డ్యూటీ చేసేవాళ్ళు, కోల్డ్ స్టోరేజీకో నీళ్ళ ట్యాంకుకో మానిటరింగ్ కట్టేవాళ్ళు, రాత్రిపూట ఎవరినైనా నిద్రలేపాల్సిన సాఫ్ట్‌వేర్ రాసే ఎవరైనా తమ అలారంలో ఈ నాలుగు చోట్లా ఏముందో వెళ్ళి చూసుకోగలుగుతారు. క్లౌడ్ గురించి, మెషీన్ లెర్నింగ్ గురించి ఒక్క స్లైడ్ కూడా ఉండదు.

కమిటీకి మాత్రమే

పైన చోటు చాలక వదిలేసినవి ఇక్కడ రాస్తున్నాను, ఏది ఎంతసేపు చెప్తానో కూడా తెలుస్తుంది.

మొదటి ఐదు నిమిషాలు చెరువు. 30 డిగ్రీల మంచినీళ్ళలో ఆక్సిజన్ నిండా పట్టినా లీటరుకి 7.5 మిల్లీగ్రాములకి కాస్త అటూ ఇటూ, ఉప్పు పెరిగేకొద్దీ ఇంకా తగ్గుతుంది, మనం పెంచే వనామీ రొయ్యకి 3 కిందకి వెళ్తే కష్టం మొదలైనట్టే. అంటే మనకి ఉన్న గ్యాప్ చాలా చిన్నది, మబ్బు పట్టిన రోజు తర్వాత రాత్రయితే ఇంకా చిన్నది. దీన్ని ఒక గ్రాఫ్‌తో చెప్పేసి వదిలేస్తాను, ఆక్వా క్లాసు పీకను.

తర్వాత కరెంటు సంగతి. ఆక్సిజన్ తగ్గడం అనేది జబ్బు ముదిరాక కనపడే లక్షణం, చాలాసార్లు అసలు కారణం ఏరేటర్ ఆగిపోవడమే. దాన్ని పట్టడానికి వైరు చుట్టూ వేసే చిన్న కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్ చాలు, నీళ్ళలో మునగదు, పాచి పట్టదు. మూడు ఫేజుల్లో ఒకటి పోయి మోటార్ మూలుగుతూ కాలిపోయే కేసు కూడా ఫేజుకొకటి పెడితే ఇక్కడే దొరుకుతుంది. ఇది వినగానే "మరి ఆక్సిజన్ ప్రోబ్ ఎందుకు" అంటారు. కావాలి, ఏరేటర్లు తిరుగుతున్నా ఆక్సిజన్ పడిపోయే రాత్రులుంటాయి కాబట్టి. కాకపోతే దాన్ని నమ్మాలంటే తుడవాలి. మెంబ్రేన్ ఉన్న ప్రోబ్‌కి జిగురు పడితే ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది, తక్కువ చూపిస్తే ఊరికే అలారం, ఊరికే రెండుసార్లు లేచినవాడు మూడోసారి ఫోన్ బోర్లించి పడుకుంటాడు. అందుకే తుడిచి, తడి గుడ్డ పక్కన గాలిలో పట్టుకుంటే నూరు శాతం దగ్గర చూపించాలి అనే చెక్‌ని స్టేజి మీదే చేసి చూపిస్తాను. దీనికి నాకు ఒక బకెట్ నీళ్ళు కావాలి, తెచ్చుకుంటాను లెండి.

ఎక్కువ టైము ఫోన్ మీదే పెడతాను, ఎందుకంటే టాక్‌కి ప్రాణం అదే. ఆండ్రాయిడ్‌లో బ్యాటరీ ఆదా కోసం డోజ్ ఉంది, 2015లో ఆండ్రాయిడ్ 6తో వచ్చింది, మంచం పక్కన కదలకుండా పడున్న ఫోన్‌కి మామూలు నోటిఫికేషన్ లేటవ్వడానికి అది చాలు. పోనీ టైముకే వచ్చిందనుకోండి, టింగ్ మని ఒక్కసారి మోగితే ఎవరు లేస్తారు? గట్టు మీద కాపలా ఉండే మా బాబాయి అన్నదే చెప్తాను: "ఫోన్ మోగితే లేస్తాం గానీ అబ్బాయ్, ఫోన్‌లో బొమ్మొస్తే ఎవడు లేస్తాడ్రా." అలా కాల్‌కి వచ్చాం. డూ నాట్ డిస్టర్బ్ పెట్టుకున్న ఫోన్ కాల్‌ని కూడా నొక్కేస్తుంది, కానీ అందులోనే ఒక సందుంది, ఒకే నంబర్ 15 నిమిషాల్లోపు రెండోసారి చేస్తే రానివ్వు అనే సెట్టింగ్. మా డబ్బా రెండుసార్లు చేసేది అందుకే. ఎత్తకపోతే తర్వాత నంబర్, అది కూడా ఎత్తకపోతే పక్క చెరువు వాళ్ళు. ఈ చివరిది టెక్నాలజీ కాదు, ఊళ్ళో ఒప్పందం, దాన్ని ఎలా కుదిర్చామో కూడా చెప్తాను.

చివరి భాగం నిశ్శబ్దం గురించి. డబ్బాకి బ్యాటరీ అయిపోవచ్చు, ఎలక వైరు కొరకొచ్చు, సిగ్నల్ పోవచ్చు. నెట్‌వర్క్ ఉందో లేదో డబ్బా తనలోని ఫోన్ మాడ్యూల్‌ని ఇలా అడుగుతుంది:

```
AT+CREG?
+CREG: 0,1
OK
```

రెండో అంకె 1 అయితే సొంత నెట్‌వర్క్‌లో ఉన్నట్టు, 2 అయితే ఇంకా వెతుక్కుంటున్నట్టు. కానీ నెట్‌వర్క్ లేని డబ్బా ఆ మాట ఎవరికి చెప్తుంది? కాబట్టి డబ్బా ఐదు నిమిషాలకోసారి "ఉన్నాను" అని సర్వర్‌కి చెప్పాలి, 15 నిమిషాలు ఆ మాట రాకపోతే రైతుకి సర్వరే ఫోన్ చేస్తుంది. మరి సర్వర్ పడిపోతే? అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, దానికి వేరేచోట ఇంకో కాపలా పెట్టాం, అది కూడా పడితే గట్టు మీద డబ్బాకే ఒక సైరన్ ఉంది, దానికి నెట్ అక్కర్లేదు.

డెమో: ఒక టేబుల్ ఫ్యాన్‌ని ఏరేటర్ అనుకుందాం, ప్లగ్ పీకుతాను, ముందు వరసలో ఎవరో ఒకరి ఫోన్ మోగుతుంది (వాళ్ళని ముందే అడిగి). హాల్లో సిగ్నల్ లేకపోతే రికార్డు చేసిన వీడియో రెడీగా ఉంటుంది. మాడ్యూల్ 4జీదే తెస్తాను, పాత ఎస్ఐఎం800 లాంటివి 2జీ మాత్రమే పడతాయి, జియో సిమ్ వేస్తే అసలు పనిచేయవు, ఇంటికెళ్ళి ట్రై చేసేవాళ్ళకి ఈ ముక్క చెప్పకపోతే డబ్బులు దండగ.

నేనెవర్ని అంటే, పగలు ఎంబెడెడ్ ఉద్యోగం, ఇంట్లో వాళ్ళది చెరువులు. ఈ డబ్బాలు అమ్మను, కంపెనీ లేదు, సర్క్యూట్ బొమ్మా కోడూ టాక్ రోజే అందరికీ ఇచ్చేస్తాను. ఇంతకుముందు పెద్ద స్టేజి మీద మాట్లాడలేదు, రైతుల మీటింగుల్లో మాట్లాడాను, అక్కడ బోర్ కొడితే లేచి వెళ్ళిపోతారండి, మొహమాటం ఉండదు.

30 నిమిషాలు కుదరకపోతే 15కి కుదిస్తాను, అప్పుడు చెరువు గ్రాఫ్, ప్రోబ్ తుడవడం తీసేసి ఫోన్, నిశ్శబ్దం రెండే ఉంచుతాను. మధ్యాహ్నం భోజనాల తర్వాత స్లాట్ ఇచ్చినా పర్లేదు, సైరన్ ఉందిగా.