లక్షా ఒకటో గడి

పదిహేను టెస్ట్ కేసుల్లో పదమూడు పచ్చగా ఉన్నాయి. పన్నెండోదీ, పదిహేనోదీ మాత్రం ఎర్రగా ఉన్నాయి. స్క్రీన్ పైన టైమర్ 11:42 చూపిస్తోంది.

సింధు మౌస్ మీంచి చెయ్యి తీసి అరచెయ్యి జీన్స్‌కి తుడుచుకుంది. మొత్తం తొంభై నిమిషాల టెస్ట్. ఆప్టిట్యూడ్ అయిపోయింది, మొదటి కోడింగ్ ప్రశ్న పూర్తిగా పాసైంది. రెండోది కూడా అన్ని కేసులూ పాసైతేనే ఇంటర్వ్యూకి పిలుస్తారని ప్లేస్‌మెంట్ సార్ పొద్దున్న మైకులో రెండుసార్లు చెప్పారు. పదమూడు పాసైతే పదమూడు మార్కులు అనే లెక్క ఈ కంపెనీకి లేదు.

ప్రశ్న చూడ్డానికి చిన్నదే. వరుసగా n దీపాలు. m ఆదేశాలు వస్తాయి. ఒక్కో ఆదేశంలో a, b, k అని మూడు అంకెలు: a నుంచి b వరకు ఉన్న ప్రతి దీపానికీ k కాంతి పెంచాలి. అన్నీ అయ్యాక అన్నిటికంటే ఎక్కువ వెలిగే దీపం కాంతి ఎంతో చెప్పాలి. n, m రెండూ లక్ష వరకు, k వంద కోట్ల వరకు.

ప్రతి ఆదేశానికీ a నుంచి b దాకా నడుస్తూ పోతే పని వెయ్యి కోట్ల అడుగుల దాకా పోతుంది, టైమ్ లిమిట్ దాటేస్తుంది. అది ఆమెకి చదవగానే తెలిసింది. డిఫరెన్స్ ఎర్రే వాడాలి: మొదలైన చోట k కలిపి, ముగిసిన చోటికి తర్వాతి గడిలో k తీసేసి, చివర్లో ఒక్కసారి ఎడమ నుంచి కుడికి కూడుకుంటూ పోతే చాలు. థర్డ్ ఇయర్‌లో సీనియర్ ఒకరు బోర్డు మీద వేసి చూపించిన పద్ధతి. పది నిమిషాల్లో రాసేసింది. శాంపిల్ పాసైంది. ధీమాగా `Submit` నొక్కింది.

తర్వాత ఈ రెండు ఎర్ర గీతలు.

```cpp
long long d[100001], m;
int n, a, b;
long long k;

cin >> n >> m;
for (int i = 0; i < m; i++) {
    cin >> a >> b >> k;
    d[a] += k;
    d[b + 1] -= k;
}
```

మొదటి అనుమానం ఓవర్‌ఫ్లో మీదికి పోయింది. లక్ష ఆదేశాలు, ఒక్కోటి వంద కోట్లు. `int` అయితే మొదటి రెండు మూడింటికే పొర్లిపోతుంది. కానీ ఎర్రే `long long`, k `long long`, కూడే వేరియబుల్ కూడా అంతే. అన్నీ మూడుసార్లు చూసింది. అది కాదు.

టైమ్ సమస్యా? అదీ కాదు. రెండింటి పక్కనా `Wrong Answer` అని ఉంది. లేటైతే వేరే మాట వస్తుంది.

9:05.

వెనక వరసలో ఎవరో కుర్చీ వెనక్కి లాగారు. ముందే ముగించినవాళ్ళు లేచి వెళ్తున్నప్పుడు వచ్చే ఆ చప్పుడుకి ల్యాబ్‌లో మిగిలినవాళ్ళకి టెన్షన్ రెట్టింపవుతుంది. సింధు తల తిప్పలేదు. వెబ్‌క్యామ్ చూస్తోంది, పక్కకి తిరిగితే వార్నింగ్ వస్తుంది, ఇప్పటికే ఒకటి వచ్చింది.

హిడెన్ కేసుల్లో ఏముందో చూపించరు. అది న్యాయమో కాదో గాని, పద్ధతి అదే. అయితే ఏవి ఫెయిలయ్యాయో నంబర్లు కనిపిస్తున్నాయి కదా. ప్రశ్న తయారుచేసేవాళ్ళు మామూలుగా పెద్ద ఇన్‌పుట్‌లని చివర్లో పెడతారు. పెద్దవాటికే కోడ్ తప్పుతుంటే పదమూడు, పద్నాలుగు కూడా ఎర్రగా ఉండాలి. అవి పచ్చగా ఉన్నాయి. అంటే పెద్దది కావడం ఒక్కటే కారణం కాదు. కొన్ని పెద్దవాటిలోనే ఉన్నదేదో ఉంది.

కస్టమ్ ఇన్‌పుట్ పెట్టె తెరిచింది. n లక్ష. ఆదేశాలు రెండే చాలు, నోటితో లెక్క చూసుకోవచ్చు. మొదటిది అన్ని దీపాలకీ 5. రెండోది మొదటి రెండు దీపాలకి 7.

```
100000 2
1 100000 5
1 2 7
```

పన్నెండు రావాలి. `Run` నొక్కింది.

5.

ఆమెకి భయం వెయ్యలేదు. నిజం చెప్పాలంటే ఆ ఐదుని చూసి ప్రాణం లేచొచ్చింది. ఇంతసేపూ కనిపించనిది ఇప్పుడు కళ్ళ ముందే తప్పు చేస్తోంది.

7:20.

లక్షకి బదులు 99999 పెట్టి చూసింది. 12. సరైన జవాబు. మళ్ళీ లక్ష పెట్టింది. 5. ఈసారి రెండు ఆదేశాలనీ తారుమారు చేసింది, ముందు 7, తర్వాత 5.

12.

ఇక్కడ సింధు ఆగిపోయింది. చేసేది కూడికలు. ఏడుకి ఐదు కలిపినా, ఐదుకి ఏడు కలిపినా వచ్చేది ఒకటే. వరుస మారిస్తే జవాబు మారుతోందంటే తప్పు కూడికలో లేదు. ఇంకెక్కడుంది? 12లోంచి ఏడు పోతే ఐదు. మొదటిసారి రెండో ఆదేశం అసలు అందలేదు. చదవలేదు. లూప్ ఒక్కసారి తిరిగి ఆగిపోయింది.

i మామూలుగానే పెరుగుతోంది. మరి m?

5:31. లూప్ తర్వాత `cout << m << endl;` అని ఒక లైన్ పెట్టి, పాత వరుసలోనే మళ్ళీ నడిపింది.

-3.

రెండు ఉండాల్సిన చోట మైనస్ మూడు. రెండులోంచి ఐదు తీస్తే మైనస్ మూడు. కోడ్‌లో ఐదుని తీసేసే లైన్ ఒక్కటే ఉంది: `d[b + 1] -= k`. b లక్ష అయితే b + 1 లక్షా ఒకటి. ఎర్రే సైజు కూడా లక్షా ఒకటే, అంటే సున్నా నుంచి లక్ష వరకే గడులు. లక్షా ఒకటో గడి లేదు. లేని గడి చిరునామాకి వెళ్ళి అక్కడున్నదాంట్లోంచి ఐదు తీసేసింది ప్రోగ్రామ్. అక్కడ m ఉంది. తనే ఎర్రే పక్కన, కామా పెట్టి, m ని కూర్చోబెట్టింది.

సీ ప్లస్ ప్లస్ దీన్ని ఆపదు. పక్కింటి తలుపు తోసి లోపలికి పోయినా ఎందుకొచ్చావని అడగదు.

"ఓరి దేవుడా," అంది పైకే. ఇన్విజిలేటర్ మేడమ్ అటు చూసింది. సింధు పెదాలు బిగించి స్క్రీన్‌కేసి తిరిగింది.

100001లో చివరి ఒకటి చెరిపి రెండు పెట్టింది. `Run`. స్క్రీన్ మీద ఒకదాని కింద ఒకటి: 2, 12. m చెక్కుచెదరలేదు. జవాబూ సరైనదే. 3:10 ఉండగా `Submit` కొట్టింది.

క్యూలో ఉంది. చాలామంది ఆఖర్లోనే కొడతారు, సర్వర్ నత్తలా నడుస్తోంది. ఒకటో కేసు ఎర్ర. రెండు ఎర్ర. మూడు ఎర్ర.

పదిహేనూ ఎర్రగా వచ్చాయి.

1:34.

ఒక్క క్షణం ఆమెకి ఏమీ అర్థం కాలేదు. చేతులు మాత్రం కీబోర్డ్ మీదే ఉన్నాయి. ఎర్రే పెద్దది చేస్తే ఒకటో కేసు ఎందుకు పోతుంది? ఇంతకుముందు పాసైంది కదా. కిందికి స్క్రోల్ చేసి ఇంకా అక్కడే ఉన్న ఇందాకటి అవుట్‌పుట్ చూసింది. 2, 12. రెండు లైన్లు. ప్రశ్న అడిగింది ఒక్క అంకె.

`cout << m`. తీసెయ్యలేదు!

ఆ లైన్ మొత్తం సెలెక్ట్ చేసి కొట్టేసింది. `Run` చెయ్యడానికి టైమ్ లేదనుకుంది, అయినా సెమీకోలన్ ఏదైనా పోయిందేమోనని ఒకసారి పైనుంచి కిందికి కళ్ళతో చదివింది. 0:56కి నొక్కింది.

క్యూ. 0:40. ఒకటో కేసు పచ్చ. 0:22. ఆరు పచ్చ. తర్వాత చక్రం తిరుగుతూనే ఉంది. పదకొండు వరకూ వచ్చింది. పన్నెండు దగ్గర తిరుగుతుండగా స్క్రీన్ తెల్లబడి, టెస్ట్ ముగిసింది, మీ జవాబులు చేరాయి అని ఇంగ్లీషులో ఒక వాక్యం మిగిలింది.

బయట కారిడార్‌లో నవీన్ గోడకి ఆనుకుని నీళ్ళు తాగుతున్నాడు.

"రెండోది ఎంత వచ్చిందే?"

"తెలీదు. పన్నెండు దగ్గర తిరుగుతుంటే మూసేశాడు."

"నాకు పదిహేనూ వచ్చాయి. మొదట శాంపిల్‌లోనే పేలింది. `ArrayIndexOutOfBoundsException`. లైన్ నంబరు కూడా ఇచ్చాడు. n + 1ని n + 2 చేశా, అయిపోయింది."

సింధు అతని వంక చూసింది. జావా. అర నిమిషం పని.

"నువ్వేం చేశావ్?"

"నీళ్ళివ్వరా ముందు," అంది.

సాయంత్రం ఆరున్నరకి షార్ట్‌లిస్ట్ పీడీఎఫ్ గ్రూప్‌లో పడింది. నలభై ఒక్క పేర్లు, రోల్ నంబర్ల వరుసలో. ఆమెది ఇరవై ఏడోది. ముందు రోల్ నంబరుని వెతికే పెట్టెలో టైప్ చేస్తే దొరకలేదు, స్పేస్ ఒకటి ఎక్కువ పడింది. ఆ రెండు సెకన్ల గురించి తర్వాత ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు ఇంటర్వ్యూ చేసినావిడ ల్యాప్‌టాప్‌లో ఆమె కోడే తెరిచి పెట్టుకుని ఉంది. నమస్కారాలయ్యాయి. రెజ్యుమె పక్కన పెట్టేసింది.

"రెండో ప్రశ్నకి మూడు సబ్‌మిషన్లున్నాయి. మొదటిది పదమూడు పాస్. రెండోది సున్నా. మూడోది పదిహేను. సున్నా ఎందుకొచ్చింది?"

"డీబగ్ ప్రింట్ తియ్యడం మర్చిపోయాను మేడమ్."

ఆవిడ నవ్వు ఆపుకోలేదు. "అది సరే. 100001ని 100002 చేశారు. అందరూ ఐదో పదో ఎక్కువ పెట్టేస్తారు. మీరు సరిగ్గా ఒకటే పెంచారు. ఊహించారా, కనుక్కున్నారా?"

సింధు కాగితం తీసుకుని గడులు గీసింది. చివరి గడి పక్కన m అని రాసి, రెండు ఆదేశాలనీ, వరుస మారిస్తే జవాబు మారడాన్నీ, మైనస్ మూడునీ చెప్పింది. చెబుతుంటే వణుకు తగ్గింది.

"m సరిగ్గా అక్కడే ఉంటుందని మీకెలా తెలుసు?"

"తెలీదు మేడమ్. మనం రాసిన వరుసలోనే మెమరీలో పెట్టాలని కంపైలర్‌కి రూలేమీ లేదు. అక్కడ అలా పడింది. ఇంకో మెషీన్‌లో ఆ గడి ఖాళీగా ఉంటే నాకు మొదటిసారే పదిహేనూ పాసయ్యేవి."

"అలా పాసై ఉంటే బాగుండేదంటారా?"

సింధు ఆలోచించింది. "నిన్నైతే చాలా బాగుండేది మేడమ్."

ఆవిడ ఏదో రాసుకుని, కాగితాన్ని సింధు వైపే మళ్ళీ తోసింది.

"సరే. ఇప్పుడు ఆదేశాలన్నీ అయ్యేదాకా ఆగరు. మధ్యమధ్యలో ఆపి, ఫలానా దీపం కాంతి ఇప్పుడెంత అని అడుగుతుంటారు. ప్రతిసారీ మొదట్నుంచి కూడితే టైమ్ చాలదు. ఏం చేస్తారు?"

సింధు పెన్ను మూత తీసి, మళ్ళీ గడులు గియ్యడం మొదలుపెట్టింది. ఈసారి చివర్న ఒకటి ఎక్కువే గీసింది.

"ఫెన్విక్ ట్రీ వాడొచ్చు మేడమ్," అంది. "ముందు ఎనిమిది గడులకి చేసి చూపించనా?"