క్లర్కు ఉద్యోగానికి రాజీనామా

తెనాలి,
16 జూన్ 2025

బ్రాంచి మేనేజరు గారికి,

సార్, నేను క్లర్కు ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను. నెల నోటీసు లెక్క ప్రకారం జులై 15, మంగళవారం నా ఆఖరి పనిరోజు. హెచ్ఆర్ పోర్టల్‌లో ఇవాళే పెట్టాను, ఈ లెటరును మీ సిఫారసుతో రీజనల్ ఆఫీసుకు పంపించండి.

చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎమ్మెస్సీ డేటా సైన్స్ సీటు వచ్చింది. రెండేళ్ల కోర్సు, సిరుసేరిలో ఉండి చదవాలి, ఆగస్టులో క్లాసులు.

శనివారం మీతో చెప్పినప్పుడు "గవర్నమెంటు బ్యాంకు ఉద్యోగం వదిలేస్తావా అమ్మా, ఆన్‌లైన్‌లో చదువుకోవచ్చు కదా" అన్నారు. నా మంచి కోరే అన్నారని తెలుసు, అందుకే జవాబు ఇక్కడ రాస్తున్నాను. ఆన్‌లైన్ రెండేళ్లు ప్రయత్నించాను సార్. క్యాష్ టాలీ చేసి ఇంటికెళ్లేసరికి ఏడున్నర, అప్పుడు లీనియర్ ఆల్జీబ్రా తెరిస్తే ఒక్క లెక్క దగ్గరే రాత్రి అయిపోయేది, మర్నాడు మళ్లీ మొదటి నుంచి. పైథాన్‌లో కోడ్ రాయడం అయితే వచ్చింది, కానీ దాంతో చేసిన మోడల్ ఎందుకు పనిచేస్తుందో, ఎక్కడ తప్పు చెబుతుందో తెలియాలంటే ప్రాబబిలిటీ, స్టాటిస్టిక్స్ గట్టిగా కావాలి. డిగ్రీలో చదివిన స్టాటిస్టిక్స్ దానికి సరిపోవడం లేదు. పగలంతా కూర్చుని, అర్థం కాకపోతే ఎదురుగా ఉన్న మాస్టారిని అడిగి నేర్చుకోవాల్సిన చదువు ఇది.

నాకు ఈ పిచ్చి పట్టింది కౌంటర్లోనే. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్‌లో, జన్‌ధన్ ఖాతాలున్న ఆడవాళ్లకు 500 రూపాయలు పడ్డాయి గుర్తుందా? అందరూ ఒకేసారి రాకుండా ఖాతా నంబరు చివరి అంకెను బట్టి తేదీలు ఇచ్చారు. మొదటి రోజు 0, 1 వాళ్లు, మర్నాడు 2, 3 వాళ్లు. నేను చేరి అప్పటికి ఏడాది. వీధి చివరిదాకా ఉండాల్సిన లైను ఒక్క అంకెతో ఐదు రోజులకు సర్దుకోవడం చూసి ఆశ్చర్యపోయాను. ఆ నెల నుంచే రోజుకి ఎన్ని టోకెన్లు, ఏ గంటలో రద్దీ అని నోట్‌బుక్‌లో రాసుకోవడం మొదలుపెట్టాను. పేర్లు, ఖాతా నంబర్లు ఏవీ రాయలేదు, ఉత్త లెక్కలే.

తర్వాత 2024 మే. ఎన్నికలప్పుడు సామాజిక పింఛన్లు ఇంటి దగ్గర ఇవ్వకుండా ఖాతాల్లో వేశారు. ఆ ఎండలో ముసలివాళ్లు వచ్చారు. తన డబ్బు ఏ బ్యాంకులో పడిందో తెలియక ఒక అవ్వ మన దగ్గరికి మూడోసారి వచ్చింది, ఆధార్ ముడిపడి ఉన్నది ఎప్పుడో వాడటం మానేసిన ఇంకో ఖాతాకి. ఆమెకు మంచినీళ్లు ఇచ్చి ఆటో ఎక్కించాను, అంతకంటే నా చేతిలో ఏమీ లేదు. ఎవరి డబ్బు ఎక్కడ ఆగిపోతుందో ముందే పట్టుకోవచ్చు సార్, సమాచారం ఉంది, దాన్ని సరిగ్గా అడగడం రావాలి. అది నేర్చుకోవడానికే వెళ్తున్నాను.

జీతం లేని సెలవు పెట్టి చూడమని కూడా అన్నారు. రెండు పడవల మీద కాళ్లు పెట్టి నేను చదవలేను, పైగా నా కౌంటరుకి ఇంకొకరు రాకుండా మీకు మనిషి తక్కువవుతారు. నాన్నకు భయంగానే ఉంది, అమ్మ ఒప్పుకుంది. ఆరేళ్లలో దాచుకున్నది ఫీజుకీ హాస్టల్‌కీ సరిపోతుంది.

ఇక పని సంగతి. పండగ అడ్వాన్సులో మిగిలింది ఈ నెల జీతంలోంచి కోసేయండి. స్ట్రాంగ్ రూమ్ తాళాల రిజిస్టర్‌లో నా బదులు ఎవరో మీరు చెబితే జులై 10 లోపే అప్పగిస్తాను, ఆఖరి రోజుదాకా ఆగితే అందరికీ టెన్షన్. కేవైసీ పెండింగ్ ఫారాలు రెండు కట్టలున్నాయి, ఒకటి ఈ వారమే పూర్తిచేస్తాను, రెండోది కొత్తగా వచ్చినవాళ్లకు పక్కన కూర్చుని చూపిస్తాను. 15 సాయంత్రం క్యాష్ అప్పగించాక నా యూజర్ ఐడీ మూయించండి. గ్రాట్యుటీ, ఎన్‌పీఎస్ కాగితాలు విడిగా ఇస్తాను. రిలీవింగ్ ఆర్డరూ సర్వీస్ సర్టిఫికెట్టూ మాత్రం ఆ సాయంత్రానికే వచ్చేలా చూడండి, అడ్మిషన్ అప్పుడు చూపించాలి.

చేరిన మొదటి వారంలో నా క్యాష్‌లో 2,000 తగ్గితే మీరు అరవలేదు, రాత్రి ఎనిమిదింటి దాకా నాతో కూర్చుని ఓచర్లన్నీ తిరగేసి పట్టుకున్నారు. అది నేను మర్చిపోను సార్.

టోకెన్ నోట్‌బుక్ మూడో కౌంటరు సొరుగులో పెట్టి వెళ్తాను. పింఛన్ల వారంలో రెండో క్యాష్ కౌంటర్ ఎన్నింటికి తెరవాలో అందులో ఉంది.

ఇట్లు,
ప్రసన్న
క్లర్కు, మూడో కౌంటరు