ఫ్లైవీల్ ఎక్స్‌పెరిమెంట్‌లో 17 పర్సెంట్ తేడా ఎందుకొచ్చిందో సార్‌కి రాసిన లెటర్

నమస్కారమండీ సార్,

నేను మంగళవారం బ్యాచ్ దుర్గనండీ. నా రికార్డులో ఫ్లైవీల్ పేజీ మీద ఎర్ర ఇంకుతో "తేడా ఎందుకు? ఫ్రిక్షన్ అని ఒక్క ముక్క రాస్తే సరిపోదు" అని రాశారు కదా, లెక్క ప్రకారం రావాల్సిన దానికీ మేం కొలిచిన దానికీ ఉన్న తేడా గురించి, దానికి జవాబు మార్జిన్‌లో పట్టేలా లేదు, అందుకే విడిగా రాస్తున్నాను. ముందే చెప్పేస్తాను సార్, ఫ్రిక్షన్ ఉంది, గట్టిగానే ఉంది, కానీ ఫ్రిక్షన్ ఒక్కదాన్నే లెక్కలో పెడితే తేడా పోవడం మాట అటుంచి ఎదురు వైపుకి తిరిగిపోయింది. రెండోది తాడు. ఈ రెండూ ఒకదాన్నొకటి కప్పేసుకుని 17 పర్సెంట్‌గా కనబడుతున్నాయి.

లెక్క మొదటి నుంచి పెడతానండీ, మీకు చూడటం తేలిక అవుద్ది. చక్రం బరువు 6 కిలోలు, వ్యాసార్ధం 12 సెంటీమీటర్లు, అంటే ½MR² ప్రకారం చక్రం జడత్వం I = 0.0432 కేజీ మీటర్ స్క్వేర్. ఇరుసు వ్యాసార్ధం వెర్నియర్‌తో 12.5 మిల్లీమీటర్లు. ఇరుసుకి చుట్టిన తాడుకి వేలాడదీసింది హ్యాంగర్‌తో కలిపి 200 గ్రాములు. చక్రం తిరిగే స్పీడు పెరిగే రేటు α కి మాన్యువల్లో ఉన్న α = mgr/(I + mr²) లో ఇవి వేస్తే 0.567 రేడియన్ పర్ సెకండ్ స్క్వేర్ వస్తది. మేం కొలిచిందేమో, బరువు 80 సెంటీమీటర్లు దిగడానికి సగటున 16.5 సెకన్లు పట్టింది, α = 2h/(rt²) లో వేస్తే 0.470. అదీ మీరు గీత గీసిన 17 పర్సెంట్.

సీనియర్లయితే 16.5 ని 15.1 చేసేసి రాసుకోమన్నారు, అందరూ అలాగే వండేస్తారట. 15.1 వేస్తే నిజంగానే లెక్క అతికినట్టు సరిపోద్ది, కానీ ఆ టైము మా స్టాప్‌వాచ్‌లో ఒక్కసారి కూడా రాలేదు.

మొదట చిన్నచిన్న అనుమానాలన్నీ తీసేశానండీ. స్టాప్‌వాచ్ నొక్కడంలో 0.2 సెకను తేడా వచ్చిందనుకున్నా 16.5 లో అది 1.2 పర్సెంట్, టైము స్క్వేర్ అవుతుంది కాబట్టి α లో రెండున్నర పర్సెంట్ లోపే, 17 దాకా వెళ్లదు. బరువు కిందకి దిగుతున్నప్పుడు తాడులో టెన్షన్ mg కన్నా తక్కువ ఉంటది కదా అని మా బ్యాచ్ సత్తిబాబు అన్నాడు, నిజమే, కానీ బరువు దిగే యాక్సిలరేషన్ 0.006 మీటర్ పర్ సెకండ్ స్క్వేర్ కూడా లేదు, 9.8 ముందు అదెంత, పైగా ఫార్ములాలో mr² ఉన్నది ఆ తేడా కోసమే. ఇరుసుకి కూడా జడత్వం ఉంటది కదా అంటే, కిలో బరువున్న ఇరుసు అనుకున్నా వ్యాసార్ధం అంత చిన్నది కాబట్టి I లో 0.2 పర్సెంట్ కూడా కలవదు. గాలి అడ్డం అందామా అంటే చక్రం అంచు స్పీడు సెకనుకి మీటరు కూడా లేదు. g విలువ మన గోదావరి జిల్లాల్లో 9.8 కాదు, 9.78 దగ్గర ఉంటది, భూమధ్యరేఖకి దగ్గర కాబట్టి, అదీ 0.2 పర్సెంట్ వ్యవహారమే. 200 గ్రాముల బరువు నిజంగా 200 ఉందా అని కూడా అనుమానమొచ్చి, సత్తిబాబు వాళ్ల నాన్నగారు చెరువు మీద రొయ్యల సాంప్లింగ్‌కి వాడే డిజిటల్ కాటా మీద పెట్టి చూశాం, సరిగ్గానే ఉంది.

ఇక ఫ్రిక్షన్. దీన్ని ఊరికే ఊహించకుండా కొలవచ్చండీ. బరువు నేలకి తగలగానే తాడు చివరున్న ముడి ఇరుసు మేకు నుంచి ఊడిపోద్ది, అక్కడి నుంచి చక్రాన్ని ఆపేది బేరింగ్ ఒక్కటే. చక్రం అంచు మీద సుద్దముక్కతో గీత గీసి, ఫోన్ స్టాండ్‌లో పెట్టి వీడియో తీసి, తర్వాత ఒక్కో ఫ్రేమూ జరుపుకుంటూ చుట్లు లెక్కపెట్టాం. తాడు ఊడిన దగ్గర్నుంచి ఆగేదాకా 24 చుట్లు, 42 సెకన్లు. చివరి పావు చుట్టు మరీ నత్తనడక, ఎప్పుడు ఆగిందో ఖచ్చితంగా చెప్పడం కష్టమే, అయినా ఓ సెకను అటూ ఇటూ అంతే. 24 చుట్లు అంటే 150.8 రేడియన్లు, 2θ/t² చేస్తే తగ్గుదల 0.171 రేడియన్ పర్ సెకండ్ స్క్వేర్ వచ్చింది. దాన్ని I తో గుణిస్తే ఫ్రిక్షన్ టార్క్ 0.0074 న్యూటన్ మీటర్. బరువు ఇచ్చే టార్క్ 0.0245 అయితే అందులో దగ్గర దగ్గర మూడో వంతు బేరింగే తినేస్తోందన్నమాట.

ఇక్కడ ఒక డౌటు మీరే అడుగుతారు, ఈ ఫ్రిక్షన్ స్పీడుని బట్టి మారితే ఆగేటప్పుడు కొలిచింది తిరిగేటప్పటికి ఎలా వర్తిస్తుందని. చెరువులో ఏరియేటర్ కరెంటు పోగానే రెక్కలకి నీళ్లు అడ్డం పడి మొదట్లోనే స్పీడు చచ్చిపోయి తర్వాత నీరసంగా తిరుగుద్ది చూడండి, మన చక్రం అలా లేదు. మొదటి 12 చుట్లు 12 సెకన్ల పైచిలుకులో అయిపోయాయి, మిగతా 12 చుట్లకి దాదాపు 30 సెకన్లు పట్టింది. తగ్గుదల ఒకే రకంగా ఉంటే మొదటి సగానికి 42 × (1 − 1/√2), అంటే 12.3 సెకన్లు పట్టాలి. కాబట్టి ఫ్రిక్షన్ స్పీడుతో పెద్దగా మారట్లేదు, ఒకటే టార్క్‌లా లాగుతోంది. మా ల్యాబ్ కింద అంతస్తులో, వానాకాలం గోడలకి చెమ్మ ఎక్కే చోట ఉంది కాబట్టి బేరింగ్‌లో గ్రీజు గట్టిపడి పక్కన సన్నగా తుప్పు పట్టింది, వేలితో ముట్టుకుంటే ఎర్రటి పొడి అంటుకుంటోంది, నాకైతే కారణం అదేననిపిస్తోంది.

సరే, ఈ 0.0074 ని తీసేసి మళ్లీ లెక్కేశాను. (0.0245 − 0.0074) ని I తో భాగిస్తే 0.396. మేం కొలిచింది 0.470! అంటే ఇప్పుడు చక్రం ఉండాల్సిన దానికన్నా 19 పర్సెంట్ ఫాస్టుగా తిరుగుతోందట. ఇది చూసి మా బ్యాచ్ అంతా తలలు పట్టుకున్నాం, ఫ్రిక్షన్ చెప్పాల్సిన దానికన్నా ఎక్కువ చెప్పేసింది.

అసలు సంగతి వీడియోలోనే ఉందండీ. బరువు 80 సెంటీమీటర్లు దిగేలోపు చక్రం ఎన్ని చుట్లు తిరగాలి? 12.5 మిల్లీమీటర్ల ఇరుసైతే 80 ని 2πr తో భాగించి 10.2 చుట్లు. వీడియోలో సుద్ద గీత తిరిగింది తొమ్మిదిన్నర చుట్లకి కొంచెం తక్కువ, 9.4. చుట్లు అబద్ధం చెప్పవు కదండీ. అంటే ఒక్కో చుట్టుకి మేం అనుకున్నదానికన్నా ఎక్కువ తాడు దిగుతోంది.

అప్పుడు తాడు వంక చూశాం. చక్రానికి ముందు నుంచీ కట్టి ఉన్నది సన్న దారం కాదు, భీమవరం మార్కెట్లో వలల షాపుల్లో దొరికే నీలం రంగు నైలాన్ తాడు, స్క్రూగేజ్‌లో పెడితే 2 మిల్లీమీటర్ల మందం. లాగే బలం తాడు మధ్య గీత వెంట పనిచేస్తుంది, ఇరుసు పైన కాదు, కాబట్టి అసలు r అంటే 12.5 కి సగం మందం 1 కలిపి 13.5 మిల్లీమీటర్లు. తాడు పక్కపక్కనే ఒకటే వరుసలో చుట్టాం, ఒక చుట్టు మీద ఇంకో చుట్టు ఎక్కనివ్వలేదు, ఎక్కితే r మధ్యమధ్యలో మారిపోయేది. 80 సెంటీమీటర్లకి 13.5 తో లెక్కేస్తే 9.43 చుట్లు, అచ్చం వీడియోలో ఉన్నన్నే.

ఈ ఒక్క మిల్లీమీటరు రెండు చోట్లా దెబ్బ కొడుతుందండీ, అందుకే తేలిగ్గా దొరకలేదు. టార్క్ mgr లో r పైన ఉంది, పెరిగితే ఉండాల్సిన α పెరుగుద్ది. కొలిచిన α లో r కింద ఉంది, పెరిగితే మేం కొలిచాం అనుకున్నది తగ్గుద్ది. ఫ్రిక్షన్ లేకుండా చూస్తే ఉండాల్సింది 0.567 కాస్తా 0.612 కి ఎక్కింది, కొలిచింది 0.470 నుంచి 0.435 కి దిగింది, అంటే అసలు తేడా 17 కాదు, 29 పర్సెంట్! ఇప్పుడు బరువు ఇచ్చే టార్క్ 0.0265 లోంచి ఫ్రిక్షన్ 0.0074 తీసి I తో భాగిస్తే 0.441. కొలిచిన 0.435 కి తేడా ఒకటిన్నర పర్సెంట్ లోపే, అది స్టాప్‌వాచ్ ఖాతాలో వేసుకోవచ్చు.

ఇదంతా లెక్క కుదిరేలా r ని జరిపేశాననుకుంటారేమోనని ఇంకో దారిలో కూడా చూశాను. తాడు ఊడిన క్షణంలో చక్రం స్పీడు రెండు రకాలుగా వస్తది. ఆగేదాకా తిరిగిన చుట్లు, టైము నుంచి 2θ/t చేస్తే 7.18, ఇందులో ఇరుసు వ్యాసార్ధం ఊసే లేదు. దిగిన ఎత్తు, టైము నుంచి 2h/(rt) చేస్తే 12.5 తో 7.76, 13.5 తో 7.18. అలాగే ½MR² ని పక్కనపెట్టి, I ని ఎక్స్‌పెరిమెంట్ నుంచే తీస్తే, అంటే mgr ని, దిగేటప్పటి 0.435, ఆగేటప్పటి 0.171, ఈ రెండు α ల మొత్తం 0.606 తో భాగిస్తే 0.0436 వచ్చింది, ½MR² తో వచ్చిన 0.0432 కి ఒక పర్సెంట్ దూరంలో. అంటే చక్రం ఒకే మందంగా ఉన్న డిస్క్ అనుకోవడంలో తేడా లేదు.

మీకు రెండు మనవులండీ. ఒకటి, నా రికార్డులో 16.5 సెకన్లు, 17 పర్సెంట్ అలాగే ఉంచనివ్వండి, కింద ఈ వివరణ అతికిస్తాను. రెండోది, బేరింగ్‌కి కిరోసిన్ కొట్టి గ్రీజు మార్చాలని ల్యాబ్ అసిస్టెంట్ గారు అంటున్నారట, దయచేసి వచ్చే మంగళవారం దాకా ఆపమనండి. ఆ రోజు నైలాన్ తాడు తీసేసి అర మిల్లీమీటర్ గాలం దారం కడతాం, మా ఊరు పాలకొల్లు వైపు ఎక్కడైనా దొరుకుద్ది, 200 గ్రాములకి తెగదు. అప్పుడు r 12.75 అవుద్ది, బేరింగ్ ఇలాగే ఉంటే α 0.407 రావాలి, 80 సెంటీమీటర్లకి 17.6 సెకన్లు పట్టాలి, దారం సన్నబడితే బరువు ఇంకా నిదానంగా దిగాలన్నమాట. 16.5 దగ్గరే ఆగిపోతే నేను రాసిన తాడు కథ తప్పు, వెతకాల్సింది ఇంకోటి ఉంది. మీరు కూడా ఆ టైముకి ల్యాబ్‌కి వచ్చి వాచీ మీరే పట్టుకుంటే బావుంటుందండీ.

మీ స్టూడెంట్,
దుర్గ
బీఎస్సీ ఫస్టియర్, మంగళవారం బ్యాచ్