చెరువు సంగతి రాయి

మా ఊరు బరంపురంలో కలిసిపోయిందని మాకు చెప్పింది నీలం రంగు డబ్బా పట్టుకొచ్చిన ఓ కుర్రాడు. అప్పలమ్మ పెద్దమ్మ పండక్కి ఎర్రమట్టితో అలుక్కున్న గోడ మీద రేకు పెట్టి అంకెలు వేస్తున్నాడు, రేకు తీసేసరికి చివరి అంకె దగ్గర రంగు కిందకి కారింది. పెద్దమ్మ కొంగుతో తుడవబోతే వద్దు మావుసీ, ఇది హోల్డింగ్ నంబర్, ఇక మీరు కార్పొరేషన్ కదా అన్నాడు ఒడియాలో. మీకు తెలీదా అని అతనే ఆశ్చర్యపోయాడు.

సాయంత్రం రామమందిరం అరుగు దగ్గర ఊరంతా చేరింది. పంచాయితీ ఆఫీసుకెళ్లి చూస్తే నోటీసు ఉంది, పోలియో చుక్కల పోస్టర్ కింద సగం కనపడుతూ, అభ్యంతరాలుంటే చెప్పుకోమని ఇచ్చిన గడువు ఎప్పుడో దాటిపోయింది. సర్పంచ్ ఉండేది పక్కూర్లో, ఫోన్ చేస్తే వచ్చే ఏడాది అనుకున్నానమ్మా అన్నాడట.

తవుడు మావ అన్నాడు కదా, "1936లో ఒడిశా వచ్చినప్పుడూ ఇంతేనట్రా. మా తాత మద్రాసోళ్ల కింద పొద్దున్న దుక్కికెళ్లి, తర్వాత ఎవులో సెప్తే తెలిసిందట మనం ఒడిశా అయిపోనామని."

"అప్పుడు పొలం పోనేదు కదా మావా, ఇప్పుడూ పోదు, రేటు పెరుగుద్ది" అన్నాడు మా చిన్న బావ. వాడి రెండెకరాలు హైవేకి దగ్గర్లో ఉన్నాయి, వాడి ఆశ తప్పని నేననను, వానొస్తే మోకాలి లోతు బురదలో స్కూలుకెళ్లే పిల్లలున్న ఊరికి డ్రైనేజీ వస్తే ఎవరు కాదంటారు. కానీ సెంటు భూమి లేనోళ్లు ఆ అరుగు కింద కూర్చుని వింటున్నారు. లచ్చిమి జాబ్ కార్డు ప్లాస్టిక్ కవర్లో పెట్టి తెచ్చుకుంది, ఇంక ఇది సెల్లదా అని ఒక్కొక్కరికీ చూపించి అడుగుతోంది. ఉపాధి పని పల్లెలకే, టౌన్లకి లేదు. సిటీలో ఇంకేదో స్కీముందిలే అని ఎవరో అన్నారు, పేరు చెప్పమంటే చెప్పలేకపోయారు.

అసలు గొడవ చెరువు దగ్గర మొదలైంది. ఏటా పంచాయితీలో చేపల పాట పెడతారు, పాట పాడినోడు ఊరికింత అని విడిగా ఇస్తాడు, అమ్మవారి సంబరం ఆ డబ్బుతోనే జరుగుద్ది, డప్పులోళ్లకీ పూజారికీ వంటకీ అన్నిటికీ. ఇంక పాట కార్పొరేషన్ పెడితే మనకేటి ఇస్తారు అని ఒకరు, అసలు చెరువుంచుతారా అని ఇంకొకరు. బరంపురంలో చెరువుగా చూసిన చోట్ల ఇప్పుడు ఇళ్లున్నాయని పెద్దోళ్లు ఒక్కొక్కటీ పేరు పెట్టి చెప్తుంటే ఆడోళ్లందరూ మాట్లాడ్డం ఆపేశారు. బట్టలుతికేదీ గేదెల్ని కడిగేదీ అక్కడే, బోరెండిపోతే బిందె పట్టుకెళ్లేదీ అక్కడికే.

మా సుందరమ్మ పిన్ని వార్డు మెంబరు. లేచి కొంగు నడుముకి చుట్టుకుంది. "పల్లిసభ పెడతన్నాను. ఇప్పుడే. పుస్తకం తే."

"ఇంక పల్లిసభ నేదు పిన్నీ, అది పంచాయితీ ఉన్నప్పుడు" అన్నాడు బావ.

"నా మెంబర్‌గిరీ తీసేసినట్టు నాకు కాయితమిచ్చారా? ఇయ్యనేదు కదా. కూకో."

రాత పని నాకు పడింది, ఒడియాలో చదువుకున్నాను కాబట్టి. ఫోన్ లైటు ఒకరు పట్టుకున్నారు. చెరువు కప్పకూడదు, ఊరిని అడక్కుండా పాట పెట్టకూడదు, పాట డబ్బులో సంబరానికి భాగముండాలి, జాబ్ కార్డులున్న ఇళ్లకి పని ఎక్కడ దొరుకుద్దో రాసివ్వాలి. ఒడియాలో రాసి తెలుగులో చదివి వినిపించాను. అప్పలమ్మ పెద్దమ్మ తన చెవి దగ్గరకొచ్చి మళ్లీ చదవమంది.

"నా గోడ సంగతి?"

"నంబరు ఉంటాది పెద్దమ్మా, దానికి పన్ను కూడా వేస్తారు."

"వెయ్యనీ, కడతాను. పన్ను కడితే అడగొచ్చు కదా?" అని వేలిముద్ర వేసింది. ఆవిడ వేశాక మిగతా ఆడోళ్లు లైన్ కట్టారు, మొగోళ్లు తర్వాత. బావ చాలాసేపు పక్కన నిలబడి చూశాడు, చివరికి పెన్ను తీసుకుని, డ్రైనేజీ కూడా రాయి, ఊరకే కలిపేసుకుంటే సరిపోద్దా అన్నాడు. రాశాను, సంతకం పెట్టాడు.

ఇదెక్కడా చెల్లదని సర్పంచ్ ఫోన్లో అంటూనే ఉన్నాడు. పిన్ని ఫోన్ నా చేతికిచ్చి, ఆటోలు మాట్లాడమంది.

"ఎన్ని పిన్నీ?"

"సోమవారం పనికెళ్లనోళ్లంతా వస్తారు. లెక్కెట్టు. లచ్చిమి దగ్గర డబ్బులు తీసుకోకు."