ఆర్థోపెడిక్స్ పోస్టింగ్ ముగింపు ప్రశ్నలు: జవాబులు, వివరణలతో

ఫైనల్ ఇయర్ విద్యార్థులకు, కొత్తగా క్యాజువాల్టీ డ్యూటీలో చేరబోయే హౌస్ సర్జన్లకు. ప్రతి ప్రశ్నలోనూ "మొదట ఏం చేస్తారు?" అన్న మాటని జాగ్రత్తగా చదవండి. ఇచ్చిన ఆప్షన్లలో రెండు మూడు పనులు ఎలాగూ చేయాల్సినవే అయి ఉంటాయి. మార్కు మాత్రం మొదటి పనికే. 6వ ప్రశ్నకు ఎక్కువ చోటు ఇచ్చాను. ఈ పోస్టింగ్ నుంచి మీరు ఒక్కటే గుర్తుపెట్టుకోగలిగితే అది ఆ ప్రశ్నే కావాలి.

ప్రశ్న 1. సికింద్రాబాద్‌లో ఫుట్‌బాల్ ఆడుతున్న 19 ఏళ్ల కుర్రాడి పాదం నేలలో ఇరుక్కుపోయి, ఒళ్లు మాత్రం పక్కకు తిరిగిపోయింది. టిబియా కింది భాగంలో ఫ్రాక్చర్. ఎక్స్‌రేలో ఏ రకం గీత కనిపించే అవకాశం ఎక్కువ?
అ) ట్రాన్స్‌వర్స్  ఆ) స్పైరల్  ఇ) గ్రీన్‌స్టిక్  ఈ) అవల్షన్

జవాబు: ఆ. ఎముక మెలి తిరిగితే గీత మెట్ల బావిలా చుట్టుకుంటూ దిగుతుంది. నేరుగా దెబ్బ తగిలినా, వంగి విరిగినా అడ్డంగా పగులుతుంది. వంపుతో పాటు శరీర బరువు కూడా పడితే ఒక పక్క సీతాకోకచిలుక ఆకారపు ముక్క ఊడొస్తుంది. చాలా బలమైన దెబ్బకు నుజ్జయి కమిన్యూటెడ్ అవుతుంది. గ్రీన్‌స్టిక్ పిల్లల ఎముకలకే: ఒక వైపు విరిగి, రెండో వైపు వంగి ఊరుకుంటుంది. అవల్షన్‌లో కండరమో లిగమెంటో తను అతుక్కున్న ఎముక ముక్కను లాక్కుపోతుంది.

గీతను చూసి దెబ్బ ఎలా తగిలిందో చెప్పగలగాలి, చెప్పిన కథ దానికి సరిపోతుందో లేదో చూడాలి. ఇంకా నడక రాని పసిబిడ్డ తొడ ఎముక విరిగి, "మంచం మీంచి పడింది" అన్న మాట తప్ప వేరే వివరం లేకపోతే, బిడ్డను ఎవరైనా హింసిస్తున్నారా అన్న అనుమానం రావాలి. బిడ్డను ఇంటికి పంపకుండా అడ్మిట్ చేసి పీడియాట్రిక్స్ వాళ్లను పిలవండి.

ప్రశ్న 2. మలక్‌పేటలో 66 ఏళ్ల అమ్మమ్మ బాత్రూంలో జారి అరచేతి మీద పడింది. మణికట్టు ఫోర్కు వంపులా ఉంది. ఫ్రాక్చర్ పేరు? ముందుగా ఏ నరాన్ని పరీక్షిస్తారు?

జవాబు: కోలీస్ ఫ్రాక్చర్, మీడియన్ నరం. రేడియస్ కింది ముక్క వెనక్కి, అంటే చేతి వీపు వైపు జరుగుతుంది. అరచేతి వైపు జరిగితే స్మిత్ ఫ్రాక్చర్. స్లాబ్ వేయకముందు, వేశాక కూడా వేళ్ల స్పర్శ చూసి కేస్ షీట్‌లో రాయండి. ఆమెను ఎముకల గుల్లదనానికి పరీక్ష చేయించకుండా వదిలేయకండి. ఈసారి విరిగేది తుంటి కావచ్చు.

ప్రశ్న 3. సంక్రాంతికి డాబా మీద గాలిపటం ఎగరేస్తూ ఆరేళ్ల బాబు కింద పడ్డాడు. మోచేయి బాగా వాచింది. ఎక్స్‌రేలో పూర్తిగా పక్కకు జరిగిన సుప్రాకాండిలార్ ఫ్రాక్చర్. రేడియల్ పల్స్ దొరకడం లేదు, చెయ్యి మాత్రం గులాబీ రంగులో వెచ్చగా ఉంది. తర్వాతి అడుగు?
అ) యాంజియోగ్రామ్  ఆ) మోచేతిని పూర్తిగా మడిచి స్లాబ్  ఇ) అత్యవసరంగా మత్తులో ఎముకను సరిచేసి పిన్నులు వేయడం  ఈ) పొద్దుటిదాకా గమనించడం

జవాబు: ఇ. చాలాసార్లు ఎముకను దాని చోట పెట్టగానే పల్స్ తిరిగొస్తుంది. యాంజియోగ్రామ్ కోసం గంటలు పోగొట్టవద్దు, అడ్డు ఎక్కడుందో ఫ్రాక్చరే చెబుతోంది. 'ఆ' ఎంచుకున్నవారు ఆగి ఆలోచించండి: వాచిన మోచేతిని బాగా మడిస్తే మిగిలిన కాస్త రక్త ప్రవాహం కూడా ఆగిపోతుంది. థియేటర్‌కు తీసుకెళ్లేదాకా కొద్దిగా మాత్రమే వంచి స్ప్లింట్ వేయండి. చెయ్యి తెల్లబడి చల్లబడితే క్షణం ఆలస్యం లేకుండా సీనియర్‌ని, వాస్క్యులర్ సర్జన్‌ని పిలవండి.

బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టమని బాబుని అడగండి. చుట్టలేకపోతే యాంటీరియర్ ఇంటరాసియస్ నరం దెబ్బతింది. ఈ ఫ్రాక్చర్‌లో ఎక్కువగా దెబ్బతినే నరం అదే.

ప్రశ్న 4. ఔటర్ రింగ్ రోడ్డు మీద బైక్ ప్రమాదం. 108లో తెచ్చిన యువకుడి తొడ వంకర తిరిగి ఉంది, పాదం పక్కకు వాలింది. గొంతులో గురకలాంటి శబ్దం వస్తోంది. బీపీ 80/50, పల్స్ 134. బయటికి రక్తం పెద్దగా కారడం లేదు. మొదట ఏం చేస్తారు?
అ) తొడ ఎక్స్‌రే  ఆ) థామస్ స్ప్లింట్  ఇ) మెడ కదలకుండా పట్టుకుని గాలి దారి తెరవడం  ఈ) రక్తం ఎక్కించడం

జవాబు: ఇ. క్యాజువాల్టీలో అందరి కళ్లూ వంకర తిరిగిన కాలి మీదే ఉంటాయి. పేషెంట్ ప్రాణం గొంతు దగ్గర పోతోంది. గాలి దారి, ఊపిరి, రక్త ప్రసరణ, ఆ తర్వాతే కాలు. దీనికి ఒకే ఒక్క మినహాయింపు: రక్తం కళ్లముందే చిమ్ముతుంటే గట్టిగా నొక్కి పట్టడం, అవసరమైతే టూర్నికే వేయడం అన్నిటికన్నా ముందు.

అలాగని కాలిని మరచిపోకూడదు. తొడ ఎముక ఒక్కటి విరిగినా లోపలే లీటరు నుంచి లీటరున్నర రక్తం పోవచ్చు. పెల్విస్ విరిగితే అంతకన్నా ఎక్కువ. చర్మం మీద చుక్క కూడా కనబడదు. పెల్విస్ అనుమానం ఉంటే బైండర్ కట్టండి. దాన్ని తొడ పైభాగంలోని గ్రేటర్ ట్రోకాంటర్ల మట్టాన కట్టాలి, నడుము దగ్గర కాదు. ఈ తప్పు ప్రతి బ్యాచ్‌లోనూ కనిపిస్తుంది. పెల్విస్‌ను అటూ ఇటూ ఊపి చూడకండి, ఆగిన రక్తం మళ్లీ మొదలవుతుంది. ట్రానెక్సామిక్ యాసిడ్ దెబ్బ తగిలిన 3 గంటల్లోపే ఇవ్వాలి.

ప్రశ్న 5. కోకాపేటలో కట్టడం పని దగ్గర కూలీ కాలిపై ఇనుప దూలం పడింది. టిబియా విరిగి 4 సెంటీమీటర్ల గాయం, లోపల మట్టి. ప్రాణాపాయం లేదని తేల్చుకున్నాక గాయం విషయంలో మొదటి పని?

జవాబు: సిరలోకి యాంటీబయాటిక్, గంటలోపు. టెటనస్ ఇంజెక్షన్, ఒక ఫొటో, సెలైన్‌లో తడిపిన గాజుగుడ్డ, స్ప్లింట్ దాని వెంటే. ప్రతి డాక్టరూ వచ్చి గాజుగుడ్డ ఎత్తి చూడకుండా ఉండేందుకే ఆ ఫొటో. గాయం పొడవు చూసి గస్టిలో టైప్ 2 అని రాసినవారికి సగం మార్కులు. నుజ్జయిన ఎముక, చితికిన కండ, మట్టి ఉంటే పొడవు ఎంతైనా అది టైప్ 3. ఖాయంగా తేలేది థియేటర్లో శుభ్రం చేశాకే.

ప్రశ్న 6. 24 ఏళ్ల డెలివరీ బాయ్. టిబియా మధ్యలో ఫ్రాక్చర్, సాయంత్రం తొడ దాకా పీఓపీ క్యాస్ట్ వేశారు. రాత్రి 2 గంటలకు సిస్టర్ ఫోన్: "సార్, రెండు ఇంజెక్షన్లు ఇచ్చినా అరుస్తూనే ఉన్నాడు. పల్స్ బాగానే ఉంది, వేళ్లు ఎర్రగానే ఉన్నాయి." మీరు ఏం చేస్తారు?
అ) ఇంకో నొప్పి ఇంజెక్షన్ రాయమంటారు  ఆ) కాలు రెండు దిండ్ల మీద పెట్టమంటారు  ఇ) పొద్దున డాప్లర్ చేయిస్తారు  ఈ) లేచి వెళ్లి క్యాస్ట్‌ను చర్మం కనిపించేదాకా చీల్చి సీనియర్‌కి ఫోన్ చేస్తారు

జవాబు: ఈ. సిస్టర్ చెప్పిన మాటల్లో రోగం పేరు ముందే ఉంది. దెబ్బకు తగ్గ నొప్పి కాదు, మందుకు లొంగని నొప్పి. కాంపార్ట్‌మెంట్ సిండ్రోమ్‌కు అదే మొదటి హెచ్చరిక. "పల్స్ బాగానే ఉంది" అన్న మాటకు మోసపోకండి. కండను చంపే ఒత్తిడి పెద్ద ధమనిని మూయడానికి చాలదు. పల్స్ పోయేదాకా ఆగితే అప్పటికి కాలు చేయి దాటిపోయి ఉంటుంది. పాలిపోవడం, పక్షవాతం, పల్స్ లేకపోవడం అన్నవి పుస్తకంలో వరుసగా ఉన్నా, వాటి కోసం ఎదురుచూడాలని కాదు.

వెళ్లగానే కాలి వేళ్లను మీ చేత్తో మెల్లగా కిందికి వంచి చూడండి. పిక్క ముందు భాగంలో నొప్పికి అతను ఎగిరిపడితే అనుమానం బలపడినట్టే. బొటనవేలికి, రెండో వేలికి మధ్య చర్మం తిమ్మిరెక్కిందా అని అడగండి. ఆ చోటు డీప్ పెరోనియల్ నరానిది. అది వెళ్లే యాంటీరియర్ కాంపార్ట్‌మెంటే కాలిలో ఎక్కువగా దెబ్బతినేది.

క్యాస్ట్‌ను పైపైన చీల్చి లోపలి దూదిని అలాగే ఉంచితే లాభం లేదు. రక్తం ఎండిన దూది ఇనుప పట్టీలా బిగుస్తుంది. చర్మం కనిపించాలి. ఇక దిండ్ల సంగతి. మామూలు ఫ్రాక్చర్‌కు వాపు తగ్గాలని కాలు ఎత్తి పెట్టమంటాం. అనుమానం వచ్చిన క్షణం నుంచి గుండె మట్టానికి దించాలి. ఎత్తితే లోపలికి చేరే రక్తపు ఒత్తిడి ఇంకా పడిపోతుంది. బీపీ తక్కువగా ఉంటే సెలైన్ పెట్టి సరిచేయండి.

ఇంత చేసినా నొప్పి తగ్గకపోతే ఫాషియాటమీ. కాలిలో నాలుగు కాంపార్ట్‌మెంట్లు, రెండు కోతలతో నాలుగూ తెరవాలి. లోపల వెనుక ఉన్న డీప్ పోస్టీరియర్‌ను తెరవడం మరచిపోయేవారు ఎక్కువ. రక్తం అందని కండ సుమారు 6 గంటలు దాటితే కోలుకోదు. ఆ లెక్క మీరు ఫోన్ ఎత్తినప్పుడు కాదు, నొప్పి మొదలైనప్పుడే మొదలైంది.

6 (బి). ఇతని బీపీ 110/64, కాంపార్ట్‌మెంట్ ఒత్తిడి 40. ఫాషియాటమీ చేయాలా?

జవాబు: చేయాలి. 64 − 40 = 24. డయాస్టాలిక్ నుంచి తీసేస్తే మిగిలేది 30 కన్నా తక్కువ. లక్షణాలు స్పష్టంగా ఉంటే ఈ కొలత కోసం కూడా ఆగక్కరలేదు. మత్తులో ఉన్నవారికి, తలకు దెబ్బ తగిలి స్పృహ లేనివారికి, నరం బ్లాక్ ఇచ్చినవారికి మాత్రం కొలతే దిక్కు, వాళ్లు నొప్పి చెప్పలేరు.

ప్రశ్న 7. తప్పా, ఒప్పా? "ఓపెన్ ఫ్రాక్చర్‌లో గాయం గుండా ఒత్తిడి బయటికి పోతుంది కాబట్టి కాంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ రాదు."

జవాబు: తప్పు. చిన్న గాయం ఏ కాంపార్ట్‌మెంట్‌నూ పూర్తిగా తెరవదు. చిన్నపిల్లల్లో నొప్పి ఎంతో అడగడం కన్నా మూడు సంగతులు చూడండి: భయం, చిరాకు, నొప్పి మందు అవసరం గంటగంటకూ పెరగడం.

ప్రశ్న 8. ముంజేయి విరిగిన 11 ఏళ్ల పాపకు ఊళ్లో వెదురు బద్దలతో బిగించి కట్టు కట్టారు. రెండు రోజులు ఏడ్చింది, తర్వాత నొప్పి తగ్గిందన్నారు. రెండు నెలలకు తీసుకొచ్చారు. మణికట్టు వంచితేనే వేళ్లు చాచగలుగుతోంది. ఏమిటిది? ఆ రెండు రోజుల్లో మొదటి చికిత్స ఏమై ఉండాలి?

జవాబు: ఫోక్‌మన్ ఇస్కీమిక్ కాంట్రాక్చర్. బిగుతు కట్లే దీనికి కారణమని రిచర్డ్ ఫోన్ ఫోక్‌మన్ 1881లోనే రాశాడు. మొదటి చికిత్స కట్టు విప్పడం. అందుకు సర్జనే అక్కర్లేదు, ఒక కత్తెర చాలు. "నొప్పి తగ్గింది" అన్నది ఇక్కడ శుభవార్త కాదు, నరం చచ్చిపోయింది. తల్లిదండ్రులను తిట్టకండి. తిడితే మళ్లీ రారు, ఫిజియోథెరపీకి, తర్వాతి ఆపరేషన్లకు ఆ పాప నెలల తరబడి రావాల్సి ఉంది.

ప్రశ్న 9. కొత్తగా పీఓపీ వేసి ఇంటికి పంపుతున్న పిల్లాడి తండ్రికి ఏం చెబుతారు? చదువు రానివారికి కూడా అర్థమయ్యేలా రాయండి.

జవాబు (ఇలా ఉంటే పూర్తి మార్కులు): "అన్నా, కట్టు వేశాక నొప్పి రోజురోజుకూ తగ్గాలి. పెరిగితే అది మంచిది కాదు. మందు వేసినా ఏడుపు ఆపకపోయినా, వేళ్లు మొద్దుబారినా, నీలంగా మారినా, వేళ్లు చాపితే గట్టిగా ఏడ్చినా తెల్లారేదాకా ఆగొద్దు. అర్ధరాత్రైనా ఆటో ఎక్కి క్యాజువాల్టీకి రా. దగ్గర్లో ఏ ఆసుపత్రి ఉంటే అక్కడికి పో, 'ముందు కట్టు చీల్చండి' అని చెప్పు. కట్టు పాడైతే మళ్లీ వేస్తాం, పైసలు తీసుకోం."