ఇన్, ఆన్, అండర్: ఒకే గదిలో మూడు తరగతులకు మార్చిన ఇంగ్లీషు పాఠ ప్రణాళిక

తరగతులు: 3, 4, 5. పిల్లలు 22, 19, 17, మొత్తం 58 మంది. టీచరు ఒక్కరే. సమయం 45 నిమిషాలు.
ఉన్నవి: ఒక నల్లబల్ల, సుద్దముక్కలు, పిల్లల నోటు పుస్తకాలు, సంచులు, పాత కాగితాలు.

అసలు ప్రణాళిక ఒకే తరగతిలోని 24 మందికి రాసినది. ప్రొజెక్టర్ మీద బొమ్మలు, మనిషికో వర్క్‌షీట్, చివర్లో ఒక్కొక్కరిని పిలిచి అడగడం అందులో ఉన్నాయి. ఈ మూడూ తీసేశాం. లక్ష్యాన్ని మాత్రం తగ్గించలేదు, తరగతిని బట్టి మెట్లుగా విడగొట్టాం. మూడో తరగతి విని చేసి చూపాలి, మాటను గుర్తుపట్టాలి. నాలుగో తరగతి అడిగి, జవాబు చెప్పి, ఆరు వాక్యాలు రాయాలి. ఐదో తరగతి ఒక బొమ్మను ఐదు వాక్యాల్లో వర్ణించాలి.

బడి గంటకు ముందు

నల్లబల్లను నిలువుగా మూడు భాగాలు చేసి, మొత్తం అప్పుడే రాసిపెట్టాలి. పాఠం మధ్యలో ఐదు నిమిషాలు వీపు తిప్పి రాస్తే, గదిని మళ్లీ దారిలో పెట్టడానికి ఇంకో ఐదు పోతాయి.

ఎడమవైపు: సంచిలో, పుస్తకం మీద, కుర్చీ కింద బంతి ఉన్న మూడు బొమ్మలు, వాటి కింద ఇన్, ఆన్, అండర్.
మధ్యలో వాక్యాల పట్టిక: ది బాల్ / ది పెన్ – ఈజ్ – ఇన్ / ఆన్ / అండర్ – ది బ్యాగ్ / ది బుక్ / ది చైర్.
కుడివైపు: ఐదో తరగతి పని, రెండు మాదిరి వాక్యాలు.

పాత కాగితాలు నలిపి 30 ఉండలు చేయాలి, ఇద్దరికి ఒకటి చొప్పున. గులకరాళ్లు తేలిగ్గా దొరుకుతాయి గానీ వద్దు. పది నిమిషాల్లో ఎవరో ఒకరు విసురుతారు.

0–10 నిమిషాలు, అందరూ కలిసి

'పుట్ ది బాల్ అండర్ ది బుక్' అంటూ టీచరు చేసి చూపాలి. మూడు మాటలకూ రెండేసి సార్లు. తర్వాత చేతులు కట్టుకుని మాటతోనే చెప్పాలి. పెద్ద గుంపులో సగం మంది పక్కవాళ్లను చూసి చేస్తారు, అందరికీ వచ్చేసినట్టే కనిపిస్తుంది. అందుకే చివరి నాలుగు ఆదేశాలూ కళ్లు మూయించి చేయించాలి.

10–35 నిమిషాలు, విడివిడిగా

టీచరు 10 నిమిషాలు మూడో తరగతితో, 8 నాలుగుతో, 7 ఐదుతో. చిన్నవాళ్లతోనే మొదలుపెట్టాలి: నల్లబల్ల చదివి సొంతంగా పనిలో దిగలేనిది వాళ్లే. టీచరు లేచాక వాళ్లు మూడు బొమ్మలూ నోటు పుస్తకంలో వేసి పేర్లు రాస్తారు.

నాలుగో తరగతి జంటలుగా: ఒకరు బంతి పెట్టి 'వేర్ ఈజ్ ది బాల్?' అంటారు, రెండోవారు 'ది బాల్ ఈజ్ ఇన్ ది బ్యాగ్' అంటారు. ఐదేసి సార్లయ్యాక పట్టిక చూసి రాయాలి. ఇక్కడ వచ్చే తప్పు ముందే తెలిసినదే: 'బాల్ బ్యాగ్ ఇన్'. తెలుగులో 'సంచిలో' అన్నప్పుడు 'లో' చివర వస్తుంది, ఇంగ్లీషులో ఆ మాట ముందుకు జరుగుతుంది. 'ది'కి తెలుగులో సాటి లేదు కాబట్టి అదీ జారిపోతుంది. ఎనిమిది నిమిషాల్లో రెండూ దిద్దలేం. ఈరోజు మాటల వరసే దిద్దాలి, 'ది'ని వదిలేయాలి.

ఐదో తరగతి: ఒకరు ఐదు వస్తువులున్న బొమ్మ వేసి, చూపించకుండా వాక్యాలు రాసి ఇస్తారు. జతవారు అవి చదివి బొమ్మ వేస్తారు. రెండు బొమ్మలూ కలవకపోతే తప్పు ఏ వాక్యంలో ఉందో వాళ్లే పట్టుకుంటారు. 17 మందిలో మిగిలిన ఒకరిని ఏదో ఒక జంటలో కలపాలి. ఒక చిక్కు: 'పైన' అనుకుని గాలిలో వేలాడే దీపానికీ 'ఆన్' రాస్తారు. తగిలి ఉంటేనే 'ఆన్' అని చెప్పి, అంతటితో ఆపాలి.

చిన్నవాళ్ల దగ్గర ఐదో తరగతి నుంచి ఇద్దరు సహాయకులు కూర్చోవచ్చు, పది నిమిషాలకు మించి కాదు. వాళ్లు జవాబులు చెప్పేస్తారు. 'అడుగు, ఆగు, చూపించు' అన్న మూడు పనులకే కట్టడి చేయాలి. ప్రతివారం వేరేవాళ్లు.

35–45 నిమిషాలు, మళ్లీ కలిసి

ఐదో తరగతివారు వాక్యాలు చదువుతారు, నాలుగువారు ఆ వస్తువును అలా పెడతారు, మూడువారు చేతి గుర్తు చూపుతారు: ఇన్‌కు పిడికిట్లో వేలు, ఆన్‌కు పుస్తకం మీద అరచెయ్యి, అండర్‌కు పుస్తకం కింద.

58 పుస్తకాలు దిద్దడం ఒక్కరోజులో అయ్యేది కాదు. రోజుకు పది తీసుకుంటే ఆరు రోజుల్లో అందరివీ అవుతాయి. ఆ పదిలో మూడు తరగతులవీ ఉండాలి. నాలుగో తరగతి పుస్తకాల్లో మాటల వరస ఇంకా తారుమారైతే, రేపు అదే పట్టికను ఇన్, ఆన్ రెండింటితోనే మళ్లీ నడపాలి.