మా రెండిళ్ల పెళ్లిపిలుపు

శ్రీరస్తు • శుభమస్తు • అవిఘ్నమస్తు

బంధుమిత్రులందరికీ నమస్కారాలు.

స్వస్తిశ్రీ చాంద్రమాన శ్రీ పరాభవ నామ సంవత్సర వైశాఖ శుద్ధ త్రయోదశి బుధవారం, అనగా 29-4-2026 ఉదయం 9 గంటల 42 నిమిషాలకు, హస్తా నక్షత్రయుక్త మిథున లగ్న శుభముహూర్తమున మా ఏకైక కుమార్తె

చి.ల.సౌ. మైథిలిని

గుంటూరు వాస్తవ్యులు శ్రీమతి గ్రేస్ సుజాత గారి, ప్రభువునందు విశ్రమించిన శ్రీ జాన్ ప్రసాద్ గారి పెద్ద కుమారుడు

చి. డేవిడ్ కిరణ్‌కు

ఇచ్చి వివాహం జరిపించుటకు దైవజ్ఞులు, పెద్దలు నిశ్చయించారు. కావున తామెల్లరూ సకుటుంబ సపరివార సమేతంగా విచ్చేసి, వధూవరులను ఆశీర్వదించి, మా ఆతిథ్యం స్వీకరించి మమ్మల్ని ఆనందింపజేయ ప్రార్థన.

వివాహ వేదిక: దానవాయిపేటలోని కల్యాణ మండపం, రాజమహేంద్రవరం.
విందు: ముహూర్తం అనంతరం.

భవదీయులు
రామకృష్ణారావు, శారద

(కీర్తిశేషులు, దివంగతులు అని మా వైపు రాసుకునే చోట, వియ్యంకుల ఇంటి పెద్దాయనకు వారి ఇంట్లో వాడే మాటనే ఉంచాం. ఆయన్ని ఎలా తలుచుకోవాలో చెప్పాల్సింది వారే కదా.)

దేవునికి మహిమ కలుగును గాక

ప్రభువునందు ప్రియులైన బంధుమిత్రులకు వందనములు.

దేవుని మహా కృపను బట్టి, పెద్దల దీవెనలతో, మా పెద్ద కుమారుడు

చి. డేవిడ్ కిరణ్

రాజమహేంద్రవరం వాస్తవ్యులు శ్రీమతి శారద, శ్రీ రామకృష్ణారావు గార్ల ఏకైక కుమార్తె

చి.ల.సౌ. మైథిలి

వీరిరువురి వివాహ ఆశీర్వాద ఆరాధన 2026 మే 2వ తేదీ శనివారం ఉదయం 10.30 గంటలకు గుంటూరు అరండల్‌పేటలోని మా సంఘం చర్చిలో జరుగును. మీరు కుటుంబ సమేతంగా వచ్చి, ప్రార్థనలో ఏకీభవించి, నూతన దంపతులను దీవించి, తర్వాత మాతో కలిసి భోజనం చేయవలసినదిగా ప్రేమతో ఆహ్వానిస్తున్నాం.

మీ రాకను కోరే
గ్రేస్ సుజాత
మరియమ్మ (నాయనమ్మ), శామ్యూల్ కిశోర్ (తమ్ముడు)

రెండు కుటుంబాలూ కలిసి చెప్పుకునే మాట

ఈ శుభలేఖ రెండు వైపుల నుంచీ తెరుచుకుంటుంది. ఎటు తిప్పినా ముఖపత్రమే, వెనక అట్ట లేదు. రాజమహేంద్రవరంలో పంచే కార్డుకీ గుంటూరులో పంచే కార్డుకీ ఒక్క అక్షరం తేడా లేదు. ఏ ఇంటికి ఏ వైపు పైన పెట్టి ఇస్తామన్నదే తేడా. ఎవరి పుట వారే రాసుకున్నారు. నడిమి పుట మాత్రం ఇద్దరమ్మలూ, ఇద్దరు నాయనమ్మలూ మూడు ఆదివారాలు కూర్చుని రాశారు.

చాలామంది మనసులో ఉన్నదీ, అడగడానికి మొహమాటపడుతున్నదీ ముందే చెప్పేస్తాం. ఈ పెళ్లి కోసం పిల్లలిద్దరిలో ఎవరూ మతం మారలేదు. మారమని ఎవరూ అడగలేదు. పేర్లు కూడా పెట్టినవి పెట్టినట్టే ఉంటాయి. అందుకే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద నోటీసు ఇచ్చాం. చట్టం అడిగిన ముప్పై రోజుల గడువు పూర్తయ్యాక, ఏప్రిల్ 27 సోమవారం రాజమహేంద్రవరంలో వివాహాధికారి ఎదుట ఇద్దరూ సంతకాలు చేస్తారు. సాక్షులు ముగ్గురు ఉండాలి: మైథిలి నాయనమ్మ సుభద్రమ్మ గారు, కిరణ్ మేనమామ, ఇద్దరికీ కాలేజీ రోజుల నుంచి స్నేహితురాలైన అమ్మాయి. ఆ గదిలో చోటు తక్కువ కాబట్టి దానికి ఎవరినీ పిలవడం లేదు, మన్నించండి. సంతకాలు ముందు పెట్టుకోవడానికి ఇంకో కారణం ఉంది. మండపంలో జరిగేది ‘మొదటి పెళ్లి’, చర్చిలో జరిగేది ‘రెండో పెళ్లి’ అని గానీ, అసలైనది ఇది, పైపైది అది అని గానీ ఏ నోటా రాకూడదు. పెళ్లి ఒక్కటే. రెండిళ్లూ రెండు చోట్ల దాన్ని దీవిస్తాయి.

తేదీల దగ్గర కాస్త కష్టపడ్డాం. రాజమహేంద్రవరం వైపు ఆషాఢం, మూఢం, అధిక మాసం పనికిరావు. గుంటూరు వైపు ఈస్టరుకు ముందు వచ్చే లెంటు దినాల్లో పెళ్లిళ్లు చేయరు. ఈ ఏడాది ఈస్టరు ఏప్రిల్ 5న వెళ్లిపోతుంది, మే 17 నుంచి అధిక జ్యేష్ఠం పట్టుకుంటుంది. ఆ మధ్య వైశాఖంలో పంచాంగం, సంఘ పెద్ద డైరీ పక్కపక్కన పెట్టుకుని చూస్తే ఈ వారం దొరికింది.

బుధవారం మండపంలో

ఉదయం 7 గంటలకు ఎదురుకోలు. మగపెళ్లివారి తరఫున పానకం బిందె అందుకునేది వరుడి తల్లి సుజాత గారే. భర్త లేని మనిషి ముందుకు రాకూడదన్న పద్ధతి మా ఇళ్లలో ఉన్నమాట నిజం. ఆ పద్ధతి ఈ పెళ్లిలో లేదు. కిరణ్‌ని ఒంటి చేత్తో పెంచింది ఆవిడ. సుభద్రమ్మ గారు స్వయంగా ఆవిడ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొస్తారు. అప్పగింతల్లో పాలపళ్లెంలో ముంచిన మైథిలి చేతులు అందుకునేదీ సుజాత గారే.

కన్యాదానంలో కాళ్లు కడిగే తంతు వద్దని కిరణ్ చాలా ఇబ్బంది పడ్డాడు, పెద్దాయన చేత కాళ్లు కడిగించుకోవడమేమిటని. అప్పుడు మరియమ్మ గారు అన్నారు: “యేసయ్య శిష్యుల కాళ్లు కడిగాడు కదరా. ఆ మామగారు ప్రేమతో కడుగుతానంటే కాదనకు.” కాబట్టి ఆ తంతు ఉంటుంది.

మంగళసూత్రం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. తెలుగువాళ్లం పుట్టింటి బొట్టు ఒకటి, అత్తింటి బొట్టు ఒకటి కలిపి రెండు సూత్రాలు కట్టడం ఎప్పటి నుంచో ఉన్నదే. గుంటూరు వారి చర్చి పెళ్లిళ్లలోనూ తాళి ఉంటుంది. మాకు కొత్తగా ఏదీ కల్పించాల్సిన పని పడలేదు. పుట్టింటి బొట్టు గుండ్రంగా, ఏ గుర్తూ లేకుండా ఉంటుంది. అత్తింటిది మరియమ్మ గారి మెడలో యాభై ఏళ్లకు పైగా ఉన్న బొట్టు. దాని నడిమధ్య చిన్న సిలువ చెక్కి ఉంటుంది, అరిగి అరిగి వేలితో తడిమితే గానీ తెలియదు. కంసాలి మెరుగు పెడతానంటే ఆవిడ ఒప్పుకోలేదు. రెండూ ఒకే పసుపుతాడుకి ఎక్కిస్తాం, కిరణ్ ఆ మూడు ముళ్లూ వేస్తాడు.

జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, అరుంధతీ దర్శనం యథావిధిగా ఉంటాయి. గుంటూరు నుంచి వచ్చే పెద్దలకు ఒక విన్నపం. అక్షింతలు వేయడం మీకు ఇష్టం లేకపోతే పక్కనే మల్లెపూల పళ్లేలు ఉంటాయి, పూలు వేసి దీవించండి. ప్రసాదం అడిగినవారికే ఇస్తాం. బొట్టు పెట్టే అమ్మాయి ముందుగా అడిగే పెడుతుంది. తాంబూలం మాత్రం అందరూ పుచ్చుకోవాలి, అందులో పండు, ఆకు, వక్క, రవికెల గుడ్డ తప్ప ఏమీ లేవు. భోజనం అరిటాకులో, పూర్తిగా శాకాహారం.

శనివారం చర్చిలో

శుక్రవారం ఉదయం 8 గంటలకు దానవాయిపేట మండపం దగ్గర నుంచి గుంటూరుకి రెండు బస్సులు బయల్దేరతాయి. బస వియ్యాలవారు చూస్తున్నారు. సుజాత గారు ఒక్కొక్కరి పేరూ అడిగి, ఎవరికి కింది అంతస్తు కావాలో కూడా రాసుకున్నారు.

ఆరాధన సుమారు గంటన్నర. మైథిలిని నడిపించుకొచ్చేది తండ్రి ఒక్కరే కాదు, తల్లీ తండ్రీ ఇద్దరూ. ఉంగరాలు మార్చుకోవడం, ప్రమాణాలు, వాక్యం, దీవెన ఉంటాయి. రెండు బొట్లనూ అయ్యగారు ప్రార్థించి దీవిస్తారు. ఆ రోజు ప్రభు భోజనం పెట్టుకోలేదు, కాబట్టి తీసుకోవాలా వద్దా అన్న సందేహం ఎవరికీ అక్కర్లేదు. అందరూ లేచినప్పుడు లేచి నిలబడితే చాలు. మోకరించాలన్న నియమం అతిథులకు లేదు.

పెళ్లికూతురికి తెల్లచీరేమిటని రాజమహేంద్రవరం వైపు ఒకరిద్దరు అత్తయ్యలు బాధపడ్డారు. ఆ బాధ మాకు అర్థమైంది. కానీ ముహూర్తానికి మన పిల్ల కట్టుకునే మధుపర్కాలూ తెల్లవే కదా, ఎర్రంచుతో. అందుకని చర్చి చీర కూడా శారద గారే కొన్నారు, తెల్లటి పట్టుకి సన్నటి ఎర్రంచుది. సుజాత గారు చూసి, “ఇదే మైథిలికి సరిపోయేది వదినా” అన్నారు.

గాయక బృందం పాడే కీర్తనల పైన రాగం, తాళం రాసి ఉంటాయి, తెలుగు క్రైస్తవ కీర్తనల పుస్తకాల్లో అది మామూలే. వీణ నేర్పే శారద గారు ఆ రాగాల పేర్లు చూసి ఆశ్చర్యపోయారు. రెండు శనివారాలు వెళ్లి బృందంతో కూర్చున్నారు. మోహన రాగంలోని ఒక కీర్తనకు ఆవిడే వీణ వాయిస్తారు. దీవెన తర్వాత మైథిలి పెదనాన్న గారు తన మాటల్లో పిల్లలను ఆశీర్వదిస్తారు. సంఘ పెద్దలే ఆ చోటు ఇచ్చారు.

విందు చర్చి ఆవరణలోనే. బిర్యానీ ఒక పందిట్లో, శాకాహారం ఇంకో పందిట్లో. వంటవాళ్లు వేరు, పాత్రలు వేరు. రెండు పందిళ్లకూ నడుమ బల్లలు మాత్రం ఒక్కటే వరుస, ఎక్కడ వడ్డించుకున్నా అందరూ పక్కపక్కనే కూర్చోవచ్చు.

చదివింపులు, కానుకలు దయచేసి తేవద్దు. రెండు రోజులూ రాగలిగినవారు రెండు రోజులూ రండి. ఒక్కరోజే వీలైతే, మీది కాని ఇంటికి రమ్మని మా కోరిక. రాజమహేంద్రవరం వాళ్లు గుంటూరుకి, గుంటూరు వాళ్లు రాజమహేంద్రవరానికి. మీ ఇంటివాళ్లం మీకు ఎలాగూ రోజూ కనిపిస్తాం.

ఇట్లు, ఏ వైపన్నది చూడకుండా వయసు వరుసలో

మరియమ్మ
సుభద్రమ్మ
రామకృష్ణారావు
గ్రేస్ సుజాత
శారద
డేవిడ్ కిరణ్
మైథిలి
శామ్యూల్ కిశోర్